పుట్టిన ఏడు, పోయిన ఏడు: మధ్యలో తేడా వచ్చే ఒక్క ఏడు

గుర్రం జాషువా, విశ్వనాథ సత్యనారాయణ ఒకే ఏడు, ఒకే నెలలో పుట్టారు. విశ్వనాథ 1895 సెప్టెంబరు 10న, జాషువా అదే నెల 28న. ఇద్దరూ గుంటూరులోనే కన్నుమూశారు. జాషువా 1971 జులై 24న, విశ్వనాథ 1976 అక్టోబరు 18న. ఇద్దరి గురించీ రాసేటప్పుడు పేరు పక్కన మనం సాధారణంగా వేసేది ఏళ్లు మాత్రమే: 1895–1971, 1895–1976. ఈ రెండు అంకెల్ని చూసి చదివేవాళ్లు మనసులోనే తీసివేత చేసేస్తారు. జాషువాకు 76, విశ్వనాథకు 81 వస్తుంది.

విశ్వనాథ విషయంలో ఈ లెక్క సరిపోయింది. 1976 సెప్టెంబరు 10కి ఆయనకు 81 నిండాయి, ఆ తర్వాత ఐదు వారాలకు పోయారు. జాషువా విషయంలో సరిపోలేదు. 1970 సెప్టెంబరు 28కి ఆయనకు 75 నిండాయి. 76 నిండాలంటే 1971 సెప్టెంబరు 28 రావాలి. దానికి రెండు నెలలు ముందే వెళ్లిపోయారు కాబట్టి పోయేనాటికి ఆయన వయసు 75. తీసివేత ఒకటే, పుట్టిన నెల కూడా ఒకటే. అయినా ఒకరికి ఒప్పు, ఇంకొకరికి తప్పు. ఆ ఏటి పుట్టినరోజు వచ్చిందా, రాలేదా అన్న ఒక్క సంగతి మీదే అంతా ఆధారపడి ఉంది. ఏళ్లు మాత్రమే రాసినప్పుడు మన చేతిలోంచి జారిపోయేది సరిగ్గా అదే.

ఎంత జారిపోతుందో చూద్దాం. 1895–1971 అని మాత్రమే తెలుసనుకుందాం. ఆ మనిషి 1895 డిసెంబరు 31న పుట్టి 1971 జనవరి 1న పోయి ఉంటే బతికింది 75 ఏళ్ల ఒక్క రోజు. 1895 జనవరి 1న పుట్టి 1971 డిసెంబరు 31న పోయి ఉంటే ఇంకొక్క రోజు ఉంటే 77 నిండేవి. అంటే ఈ రెండు అంకెల వెనక దాదాపు రెండేళ్ల వెడల్పున్న జాగా ఉంది. అందులో నిండిన ఏళ్లు రెండే కావచ్చు: 75 లేదా 76. మూడో అంకెకు చోటు లేదు. పోయిన ఏడులోంచి పుట్టిన ఏడు తీసేస్తే వచ్చేది ఈ రెండింటిలో పెద్దది. కాబట్టి ఈ తీసివేత తప్పయినప్పుడల్లా ఒక ఏడు ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. తప్పు ఒకే వైపుకు ఒరుగుతుందన్న ఈ సంగతిని గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

ఒక ఏడు ఎక్కువ వేసే దారి ఇంకొకటి కూడా ఉంది. 1895 నుంచి 1971 దాకా ఏళ్లను వేళ్ల మీద లెక్కపెడితే, మొదటి ఏడూ చివరి ఏడూ రెండూ కలిసి 77 వస్తాయి. అది ఆ మనిషి బతుకు తాకిన క్యాలెండరు ఏళ్ల సంఖ్య, వయసు కాదు. 1895–1971 వాళ్లలో ఎవరికీ నిండిన వయసు 77 ఉండదు.

ఇక్కడ మన వాడుక ఇంకో పేచీ పెడుతుంది. మనం వయసును రెండు రకాలుగా చెబుతాం. ‘75 ఏళ్లు నిండాయి’ అనేది ఒకటి, ‘76వ ఏట కన్నుమూశారు’ అనేది రెండోది. ఈ రెండూ ఒకే మనిషి గురించి ఒకేసారి నిజం కావచ్చు. 75 నిండిన మరునాటి నుంచి నడిచేది 76వ ఏడే. షష్టిపూర్తి చేసుకున్న ఇంట్లో ఎవర్ని అడిగినా ఇది చెబుతారు: అరవై నిండి, అరవై ఒకటో ఏట అడుగుపెట్టాకే ఆ వేడుక. జాషువా 76వ ఏట పోయారని రాస్తే అక్షరాలా నిజం. 76 ఏళ్ల వయసులో పోయారని రాస్తే తప్పు. విశ్వనాథ దగ్గరికి వచ్చేసరికి ఇది తిరగబడుతుంది. 81 ఏళ్ల వయసులో పోయారన్నది నిజం, 81వ ఏట అంటే తప్పు, ఎందుకంటే ఆయన పోయింది 82వ ఏట. తీసివేతలో వచ్చిన అంకెను తీసుకుని, పక్కన ‘వ ఏట’ అని తగిలించాలో, ‘ఏళ్ల వయసులో’ అని తగిలించాలో తేదీలు చూడకుండా చెప్పడం కుదరదు. వార్తల్లోనూ సంస్మరణ సంచికల్లోనూ ఈ రెండింటినీ ఒకటే అన్నట్టు మార్చి మార్చి వాడేస్తుంటారు. ఒక ఏడు అటూ ఇటూ కావడానికి తీసివేత కంటే ఈ అలవాటే ఎక్కువ కారణమనిపిస్తుంది.

మరి ఈ తప్పు ఎంత తరచుగా వస్తుంది? పుట్టిన తేదీకీ పోయిన తేదీకీ సంబంధం ఏమీ లేదనుకుంటే, పోయిన ఏట పుట్టినరోజు అప్పటికే వచ్చి ఉండే అవకాశం దాదాపు సగం, రాకపోయే అవకాశం సగం. గుంటూరు, విజయవాడలతో సంబంధం ఉన్న ఇంకో నలుగుర్ని కలుపుకుని చూద్దాం.

కొండా వెంకటప్పయ్య 1866 ఫిబ్రవరి 22న పుట్టి 1949 ఆగస్టు 15న పోయారు. తీసివేత 83, నిండినవి కూడా 83. ఉన్నవ లక్ష్మీనారాయణ 1877 డిసెంబరు 4న పుట్టి 1958 సెప్టెంబరు 25న పోయారు. తీసివేత 81, నిండినవి 80. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న పుట్టి 1928 జూన్ 10న పోయారు. తీసివేత 39, నిండినవి 39. కానీ ఎనిమిది రోజుల తేడాతో తప్పించుకున్న లెక్క ఇది. ఆయన ఇంకో పది రోజులు ముందు పోయి ఉంటే అదే 1889–1928కి 38 అని రాయాల్సి వచ్చేది. విజయవాడలో కన్నుమూసిన పింగళి వెంకయ్యకు, పుట్టిన తేదీ 1876 ఆగస్టు 2 అని తీసుకుంటే, పోయింది 1963 జులై 4న కాబట్టి తీసివేత 87, నిండినవి 86.

మొత్తం ఆరుగురిలో ముగ్గురికి ఒప్పు, ముగ్గురికి ఒక ఏడు ఎక్కువ. సరిగ్గా సగం రావడం ఈ ఆరుగురి విషయంలో కుదిరింది కానీ, పెద్ద జాబితా తీసుకున్నా ఈ సగానికి దగ్గరలోనే తేలుతుంది.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన మలుపు. ఈ ఆరుగురి సగటు వయసు కట్టాలనుకుందాం. తీసివేతలన్నీ కూడితే 447, ఆరుతో భాగిస్తే 74.5. నిండిన ఏళ్లు కూడితే 444, సగటు 74. సరిగ్గా అర ఏడు తేడా. దీన్ని చూడగానే ఎవరికైనా తీసివేత సగటును అర ఏడు తగ్గించి ‘సరిచేయాలి’ అనిపిస్తుంది. కానీ తొందరపడకూడదు. ఆ ఆరుగురూ నిజంగా బతికిన కాలాన్ని రోజులతో సహా లెక్క వేస్తే, జాషువా 75 ఏళ్ల మీద దాదాపు పది నెలలు, విశ్వనాథ 81 మీద నెల పైచిలుకు, కొండా వెంకటప్పయ్య 83 మీద ఆరు నెలలకు కాస్త తక్కువ, ఉన్నవ 80 మీద పది నెలలకు కాస్త తక్కువ, దుగ్గిరాల 39 మీద ఎనిమిది రోజులు, పింగళి 86 మీద పదకొండు నెలలు. ఇవన్నీ కలిపి సగటు కడితే 74.5 ఏళ్లకు ఓ పది రోజులు ఎక్కువ వస్తుంది. అంటే బతికిన కాలం సగటుకు దగ్గరగా ఉన్నది నిండిన ఏళ్ల సగటు కాదు, ఇంతసేపూ మనం తప్పు పడుతున్న తీసివేత సగటే.

ఇది కాకతాళీయం కాదు. నిండిన ఏళ్లు రాసినప్పుడు పైన మిగిలిన నెలలన్నీ వదిలేస్తాం. ఆ వదిలేసిన భాగం సగటున అర ఏడు ఉంటుంది. తీసివేతలో మాత్రం కొందరికి కాస్త ఎక్కువ, కొందరికి కాస్త తక్కువ వచ్చి, పెద్ద జాబితాలో ఒకదానికొకటి చెల్లిపోతాయి. కాబట్టి ఒక మనిషి వయసు ఎంత అని అడిగితే తీసివేత నమ్మదగింది కాదు. ఒక గుంపు సగటున ఎంతకాలం బతికింది అని అడిగితే తీసివేతే నయం. కవుల ఆయుర్దాయం మీదో, ఒక ఊరి స్వాతంత్ర్య సమరయోధుల మీదో పట్టిక తయారుచేసేవాళ్లు ముందు ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోవాలి. సగం మందికి నిండిన ఏళ్లు, మిగతా సగానికి తీసివేత అంకెలు కలిపేసిన పట్టిక మాత్రం రెండు ప్రశ్నలకూ పనికిరాదు. తేదీలు దొరికినవాళ్లకు ఒక పద్ధతి, దొరకనివాళ్లకు ఇంకో పద్ధతి వాడటం వల్ల తెలియకుండానే ఇలాంటి పట్టికలు తయారవుతాయి.

సగం–సగం అనే అంచనా ఎప్పుడు చెల్లదో కూడా చూడాలి. పోయిన తేదీ పూర్తిగా తెలిసి, పుట్టిన ఏడు ఒక్కటే తెలిసిన సందర్భాలు పాత కుటుంబాల్లో ఎక్కువ. పోయిన తేదీకి మరణ ధ్రువపత్రమో, పేపరు వార్తో ఉంటుంది, పుట్టుకకు ఏమీ ఉండదు. అప్పుడు పోయిన తేదీ ఏడాదిలో ఎన్నో రోజో చూస్తే అంచనా కొంత బిగుస్తుంది. జులై 24 అంటే ఏడాదిలో 205వ రోజు. పుట్టినరోజు అప్పటికే వచ్చి ఉండే అవకాశం 365లో 205, అంటే 56 శాతం. ఇది పెద్దగా ఏమీ తేల్చదు. అదే డిసెంబరు 20న పోయినవాళ్లయితే తీసివేత అంకె దాదాపు ఖాయం. జనవరి 10న పోయినవాళ్లకు ఒకటి తగ్గించడమే మంచిది.

పసిబిడ్డల దగ్గర ఈ అంచనా పూర్తిగా దెబ్బతింటుంది. నవంబరులో పుట్టి జనవరిలో పోయిన రెండు నెలల బిడ్డకు తీసివేత ఒక ఏడు వయసు చూపిస్తుంది. ఎనభై ఏళ్ల మనిషికి ఒక ఏడు అటూ ఇటూ అయితే జరిగే నష్టం తక్కువ. ఇక్కడ మాత్రం ఏడాది లోపు మరణం ఒకటి పట్టికలోంచి మాయమై పక్క గడిలోకి వెళ్లిపోతుంది. పైగా ఏడాది లోపు మరణాలు రెండో ఏటి మరణాల కంటే చాలా ఎక్కువ కాబట్టి, తేడా ‘1’ వచ్చిన పిల్లల్లో ఏడాది నిండనివాళ్ల పాలు సగం కంటే ఎక్కువే ఉండొచ్చు. శిశుమరణాల లెక్కకు ఏళ్లు మాత్రమే ఉన్న రికార్డును అసలు వాడకూడదు.

తెలుగు ఇళ్లలో దీని మీద ఇంకో పొర కూడా ఉంటుంది. పాత తరం పుట్టుకను ఇంగ్లిషు ఏడుతో కాకుండా సంవత్సరం పేరుతో చెప్పేది. ఒక పెద్దాయన ‘మన్మథ నామ సంవత్సరం, పుష్యమాసం’లో పుట్టారని జాతకంలో ఉందనుకుందాం. అరవై పేర్ల పట్టికలో మన్మథ ఎదురుగా 1895 అని కనిపిస్తుంది, దాన్నే పుట్టిన ఏడుగా రాసేస్తారు. కానీ మన్మథ 1895 ఉగాదితో మొదలై 1896 ఉగాది దాకా నడిచింది. ఆ ఏటి పుష్యమాసం డిసెంబరు మూడో వారంలో మొదలై జనవరి మధ్య దాకా ఉంది. ఆయన పుట్టింది 1896 జనవరి 5న అనుకుంటే, పట్టిక చూసి రాసిన 1895 అనే అంకే ఒక ఏడు వెనక్కి జరిగిపోయింది. ఆయన కూడా 1971 జులైలో పోయారనుకుందాం. తీసివేత 76. పుట్టినరోజు జనవరిలోనే దాటిపోయింది కాబట్టి సవరణ అక్కర్లేదని జాగ్రత్తపరులు కూడా 76 అనే ఖాయం చేస్తారు. అసలు వయసు 75. పుట్టినరోజు వచ్చిందా లేదా అని చూసుకున్నా ఈ తప్పు పట్టుబడదు, ఎందుకంటే అది అంతకుముందే, క్యాలెండరు మార్చేటప్పుడే చొరబడింది. శక సంవత్సరానికి 78 కలిపితే ఇంగ్లిషు ఏడు వస్తుందనే సూత్రంలోనూ ఇదే మెలిక. ఉగాది నుంచి డిసెంబరు 31 దాకా 78 కలపాలి, జనవరి 1 నుంచి మళ్లీ ఉగాది దాకా 79 కలపాలి. పుష్యం, మాఘం, ఫాల్గుణం అని కనిపిస్తే అక్కడ ఒక్క క్షణం ఆగాలి.

అయితే ఇదే సంప్రదాయం మనకు ఒక మేలు కూడా చేస్తుంది. ఇంగ్లిషు తేదీలు తెలియని ఇంట్లో కూడా ఆబ్దికం తిథి మాత్రం తప్పకుండా తెలుస్తుంది. పుట్టిన తెలుగు నెల కూడా చాలాసార్లు జ్ఞాపకం ఉంటుంది. ఎవరైనా శ్రావణంలో పుట్టి వైశాఖంలో పోయారని తెలిస్తే, రెండు సంవత్సరాల పేర్ల మధ్య తేడాను పేర్ల పట్టికలోనే చూసి ఒకటి తగ్గిస్తే సరి, ఇంగ్లిషు తేదీతో పనే లేదు. రెండు కొలతల్నీ కలపకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకే క్యాలెండరులో లెక్క వేయాలన్నదే ఇక్కడ షరతు.

కంప్యూటరులో ఈ లెక్క వేసేవాళ్లకు సూత్రం తెలియక కాదు, తేదీ లోపలికి పోక తప్పు వస్తుంది. ఎక్సెల్‌లో A2లో పుట్టిన తేదీ, B2లో పోయిన తేదీ ఉంచి `=DATEDIF(A2,B2,"Y")` అని రాస్తే నిండిన ఏళ్లే వస్తాయి, పుట్టినరోజు సంగతి అదే చూసుకుంటుంది. కానీ 1900కి ముందు తేదీల్ని ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు. 28-09-1895 అని కొడితే అది గడిలో ఎడమ వైపుకు అతుక్కుని మామూలు అక్షరాల్లా కూర్చుంటుంది, సూత్రం `#VALUE!` అని మొరాయిస్తుంది. పని ఆగిపోకూడదని చాలామంది పుట్టిన తేదీలో చివరి నాలుగు అంకెలు కత్తిరించి `=YEAR(B2)-RIGHT(A2,4)` అని తీసివేస్తారు. పూర్తి తేదీ చేతిలో ఉండి కూడా ఏళ్ల తీసివేతకు దిగజారడం అంటే ఇదే. పైన చెప్పిన ఆరుగురికీ పూర్తి తేదీలు ఉన్నా, అందరూ 1900కి ముందు పుట్టినవాళ్లే కాబట్టి ఎక్సెల్ ఒక్కరికీ వయసు చెప్పలేదు. లిబ్రెఆఫీస్‌కు ఈ ఇబ్బంది లేదు. పైథాన్‌కు కూడా లేదు:

```
age = d.year - b.year - ((d.month, d.day) < (b.month, b.day))
```

ఏళ్లు తీసేసి, పోయిన నెల–తేదీ పుట్టిన నెల–తేదీ కంటే ముందుంటే ఇంకొకటి తగ్గిస్తుంది, అంతే. అయితే పుట్టిన తేదీ తెలియనివాళ్లకు డేటాబేసులు తరచుగా జనవరి 1 అని నింపుతాయి. అలాంటి వరుస మీద ఈ కోడ్ నడిపితే పుట్టినరోజు ఎప్పుడూ దాటిపోయినట్టే కనిపిస్తుంది, అందరికీ పెద్ద అంకే వస్తుంది. జాబితాలో జనవరి 1న పుట్టినవాళ్లు మరీ ఎక్కువగా కనిపిస్తే అది నింపుడు తేదీ అని అర్థం చేసుకోవాలి. పాత బడి రికార్డుల నుంచి తీసుకున్న జాబితాల్లో జూన్, జులై ఒకటో తేదీలు గుట్టలుగా కనిపించడమూ ఇలాంటిదే. ఏళ్లు మాత్రమే తెలిసినప్పుడు నిజాయితీగా ఇవ్వదగింది ఒక అంకె కాదు, రెండు:

```
hi = death_year - birth_year
lo = max(hi - 1, 0)
```

ఆ `max` పుట్టిన ఏడే పోయిన బిడ్డల కోసం. అది లేకపోతే వయసు మైనస్ ఒకటి అని వస్తుంది. ముద్రణలో ‘75–76 ఏళ్లు’ అని రాస్తే కాస్త ఎబ్బెట్టుగా కనిపించొచ్చు, కానీ తెలిసినంతవరకే చెప్పినట్టవుతుంది.

ఇదే లెక్క వెనక్కి నడిపినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ‘1971 జులై 24న 75 ఏళ్ల వయసులో పోయారు’ అన్న వాక్యం ఒక్కటే దొరికితే పుట్టిన ఏడు 1896 అని తేల్చేయడం పరిపాటి. కానీ ఆ వాక్యానికి సరిపోయే పుట్టిన రోజులు 1895 జులై 25 నుంచి 1896 జులై 24 దాకా ఉన్నాయి. ఇలా ఊహించిన 1896ని ఇంకొకరు ఆధారంగా తీసుకుని మళ్లీ వయసు కడితే, మొదట ఉన్న అనిశ్చితి కాస్తా రెండు చోట్ల అచ్చయిన ‘రుజువు’ అయిపోతుంది.

పింగళి వెంకయ్య విషయం ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఆయన పుట్టిన ఏడు కొన్ని చోట్ల 1876 అనీ, కొన్ని చోట్ల 1878 అనీ కనిపిస్తుంది, రోజు మాత్రం ఆగస్టు 2. పోయింది 1963 జులై 4. పుట్టినరోజుకు నాలుగు వారాల ముందు పోయారు కాబట్టి తీసివేత రెండు సందర్భాల్లోనూ ఒకటి ఎక్కువ చూపిస్తుంది. 1876 అయితే నిండినవి 86, తీసివేత 87. 1878 అయితే నిండినవి 84, తీసివేత 85. ఎక్కడైనా ఆయన వయసు 87 అని కనిపిస్తే రాసినవారు 1876 నమ్మి తేదీ చూడలేదని తెలుస్తుంది. 85 అని కనిపిస్తే 1878 నమ్మి తేదీ చూడలేదు. 86 లేదా 84 అని ఉంటే తేదీ చూసుకున్నారు, ఏ ఏడు నమ్మారో కూడా తెలిసిపోతుంది. ఈ నాలుగు అంకెల మధ్య ఉన్న ఒక ఏటి తేడాలు తీసివేత వల్ల వచ్చినవి. 1876కూ 1878కీ మధ్య ఉన్న రెండేళ్ల తేడా మాత్రం తీసివేత వల్ల పుట్టేది కాదు, దానికి వేరే మూలం ఉండాలి, దాన్ని పుట్టుకకు సంబంధించిన పత్రాల్లోనే వెతకాలి. అది తేలేదాకా రెండు ఏళ్లనూ గౌరవించి వయసు రాయాలంటే ‘84–86’ అని గీత పెట్టడం కూడా పొరపాటే. ఆ గీత మధ్యలో 85 ఉందని చదివేవాళ్లు అనుకుంటారు, కానీ ఆగస్టు 2న పుట్టి జులై 4న పోయిన మనిషికి ఈ రెండు ఏళ్లలో దేనితోనూ 85 నిండవు. ‘84 లేదా 86’ అని రాయాలి.